లాభం కాగితం మీద, డబ్బు ఎక్కడ?

2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి సత్యం కంప్యూటర్స్ 2,700 కోట్ల రూపాయల ఆదాయం, 649 కోట్ల నిర్వహణ లాభం చూపించింది. పేపర్లు ఉన్నది ఉన్నట్టు అచ్చేశాయి. మూడు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరంలో అసలు అంకెలు బయటికొచ్చాయి. ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. నూటికి ఇరవై నాలుగు వస్తున్నాయని చెప్పిన చోట వస్తున్నది మూడు.

ఆ ఉత్తరం గురించి మనవాళ్లు పదిహేనేళ్లకు పైగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. రాజు ఎందుకు చేశాడు, ఎవరి కోసం చేశాడు, భూములెన్ని, మేటాస్ సంగతేంటి... పెళ్లిభోజనాల దగ్గర కూడా ఇదే. నాకు ఒళ్లు మండేది ఇంకో విషయానికి. ఆ మోసాన్ని ఎవరూ పట్టుకోలేదు. చేసినవాడే చెప్పాడు. ఆడిటర్ పట్టుకోలేదు, ఆడిట్ కమిటీ పట్టుకోలేదు, సెబీ పట్టుకోలేదు, నెలనెలా టార్గెట్ ధరలు చెప్పే అనలిస్టులు పట్టుకోలేదు. కంపెనీల లెక్కలు చదవడం ఎలాగో పుస్తకాలు రాసిన హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు ఆ బోర్డులోనే ఉన్నారు. మోసంలో ఆయనకు భాగం ఉందని నేను అనడం లేదు. ఆయన స్థాయి మనిషి అక్కడ కూర్చుని కూడా ఆ అంకెల్ని నిలదీయలేదంటే, ఫలితాలకు కాపలా ఉన్నారని మనం నమ్మే మనుషుల సంగతేమిటి అని మాత్రం అడుగుతున్నాను. ఉత్తరానికి సుమారు నాలుగు నెలల ముందు, 2008 సెప్టెంబరులో, అదే కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్ కోసం గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు!

దొంగ లెక్కలకు మొదటి జాడ ఎక్కడ పడుతుందో తెలుసుకోవాలంటే కిరాణా కొట్టు అరువు ఖాతా చాలు. ఈ నెల కొట్లో లక్ష రూపాయల సరుకు కదిలింది, గల్లాపెట్టెలోకి పదివేలే వచ్చాయి అంటే, మిగతా తొంభైవేలు ఖాతా పుస్తకంలో ఎవరెవరి పేర్ల కిందో ఉండాలి. ఆ పేర్లలో మనుషులు నిజంగా ఉన్నారా, ఇస్తారా అన్నదే కొట్టు బతుకు. కంపెనీ లెక్కల్లో ఆ అరువు ఖాతా పేరు ట్రేడ్ రిసీవబుల్స్. పాతవాళ్లు డెటార్స్ అంటారు. సరుకు అమ్మామని బిల్లు రాయగానే, పైసా రాకపోయినా, అమ్మకం ఆదాయంలో చేరిపోతుంది. అది చట్టబద్ధమే, సవ్యమైన పద్ధతే. కానీ బిల్లు అబద్ధమైతే ఆ బాకీ ఎప్పటికీ వసూలు కాదు, ఖాతాలో అలాగే ఉండిపోతుంది. మూడు నెలలకోసారి ఇంకో అబద్ధపు బిల్లు దాని మీద పడుతుంది. అమ్మకాలు పెరిగిన వేగం కంటే బాకీలు పెరిగే వేగం ఎక్కువవుతుంది. వాపు మొదలయ్యేది అక్కడే.

మరి సత్యంలో ఆ వాపు కనిపించిందా? ఉత్తరం ప్రకారం పుస్తకాల్లో ఉన్న బాకీలు 2,651 కోట్లు, అందులో 490 కోట్లు ఉత్తుత్తివి. త్రైమాసిక ఆదాయం 2,700 కోట్లతో పోలిస్తే బాకీలు సుమారు 89 రోజుల అమ్మకాలు. సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీకి అది ఎక్కువే గానీ గుండె ఆగిపోయేంత ఎక్కువ కాదు. కారణం, వాపును అక్కడ ఉంచలేదు. అబద్ధపు బిల్లులు వసూలైనట్టు కూడా చూపించి, ఆ రాని డబ్బును బ్యాంకులో ఉన్నట్టు రాశారు. నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని పుస్తకాలు చెబితే, అందులో 5,040 కోట్లు లేవు. అందుకే ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. "లాభాన్ని నమ్మొద్దు, క్యాష్ ఫ్లో చూడు" అని ఇవాళ యూట్యూబులో ప్రతివాడూ పాఠం చెబుతున్నాడు. సత్యం క్యాష్ ఫ్లో చూసినవాడు కూడా మోసపోయేవాడే, ఎందుకంటే క్యాషే కల్పితం.

అయినా జాడ ఉంది. అదే ఉత్తరంలో ఇంకో అంకె, 376 కోట్లు. డిపాజిట్ల మీద పేరుకుందని రాసుకుని, అసలు లేని వడ్డీ అది. లెక్క కట్టండి. ఐదువేల కోట్ల మీద ఎనిమిది శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి నాలుగు వందల కోట్లు. అంటే దాదాపు ఏడాది వడ్డీ చేతికి రాకుండా "రావలసి ఉంది" అనే ఖాతాలోనే కూర్చుని ఉంది. బ్యాంకు వడ్డీకి కూడా అరువు ఖాతానా? సరుకు కొన్నవాడు బాకీ ఎగ్గొట్టాడంటే నమ్ముతాం, బ్యాంకు కూడా వడ్డీ ఎగ్గొడుతోందా? దానికి తోడు, ఐదువేల కోట్లు బ్యాంకులో మూలుగుతున్న కంపెనీకి పుస్తకాల్లో చూపించని 1,230 కోట్ల అప్పు ఎందుకు కావలసి వచ్చింది? ఈ రెండో సంగతి బయటివాళ్లకు తెలియదు, ఒప్పుకుంటాను. మొదటిది ఆడిటర్ బల్ల మీదే ఉంది.

ఆ ఆడిటర్ చేయవలసిన పని ఎంత చిన్నదో చెబితే ఆశ్చర్యపోతారు. బ్యాంకుకు తానే ఉత్తరం రాయాలి, జవాబు నేరుగా తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. కంపెనీ చేతుల మీదుగా రాకూడదు. ప్రైస్ వాటర్‌హౌస్ వాళ్లు ఆ ధృవీకరణ పత్రాల వ్యవహారాన్ని తమ అదుపులో ఉంచుకోలేదని అమెరికా ఎస్ఈసీ 2011లో తేల్చి, ఆ నెట్‌వర్క్‌లోని భారతీయ సంస్థల మీద 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మన సెబీ రెండేళ్ల నిషేధం విధించడానికి 2018 జనవరి దాకా పట్టింది. మోసం బయటపడ్డ తొమ్మిదేళ్లకు! 2019లో శాట్ ఆ నిషేధాన్ని కూడా కొట్టేసింది. ఒక కాగితం పోస్టులో పంపకపోవడానికి ఇంతకంటే చౌకైన శిక్ష ఉంటుందా?

సత్యం పాత కథ అంటారా, సరే. ఇవాళ జరిగే తీరు చూపిస్తాను. ఒక కంపెనీని ఊహించుకుందాం. పోయిన ఏడాది అమ్మకాలు 400 కోట్లు, ఈ ఏడాది 500 కోట్లు. పన్నుకు ముందు లాభం 40 కోట్ల నుంచి 52 కోట్లకు చేరింది. మర్నాడు పేపర్లో శీర్షిక ఏమొస్తుందో మీకు తెలుసు. "లాభంలో 30 శాతం వృద్ధి." పక్కన ఎండీ గారి నవ్వుతున్న ఫోటో, కింద "బలమైన గిరాకీ" అని ఆయన మాట. శీర్షిక రాసినవాడు ప్రెస్ నోట్ మొదటి పేరా దాటి చదవలేదు. దాటి ఉంటే, స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇచ్చిన ఫలితాల పట్టికలో ఎక్సెప్షనల్ ఐటమ్స్ అనే వరుసలో 28 కోట్లు కనిపించేవి. పాత గోడౌన్ స్థలం అమ్మితే వచ్చిన లాభం. అది తీసేస్తే మిగిలేది 24 కోట్లు. అంటే వ్యాపారంలో లాభం 30 శాతం పెరగలేదు, 40 శాతం పడిపోయింది. స్థలం మళ్లీ వచ్చే ఏడాది అమ్మలేరు కదా.

ఇప్పుడు బాకీల వైపు రండి. పోయిన మార్చిలో 100 కోట్లు, ఈ మార్చిలో 190 కోట్లు. రోజుల్లోకి మారిస్తే 91 రోజుల అమ్మకాలు కాస్తా 139 అయ్యాయి. (బాకీల్లో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకాల్లో ఉండదు. కాబట్టి ఆ రోజుల సంఖ్య కొంచెం పెద్దదిగానే వస్తుంది. రెండేళ్లకూ ఒకే పద్ధతిలో కడితే పోలికకు ఇబ్బంది లేదు.) ఇంకో రకంగా చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. అమ్మకాలు 100 కోట్లు పెరిగాయి, బాకీలు 90 కోట్లు పెరిగాయి. కొత్తగా అమ్మామంటున్న సరుకులో తొంభై శాతానికి ఇంకా డబ్బు రాలేదన్నమాట. స్థలం పక్కన పెట్టి, 24 కోట్ల లాభానికి 15 కోట్ల తరుగుదల కలిపినా 39 కోట్లు. అందులోంచి బాకీల్లో ఇరుక్కున్న 90 తీసేస్తే వ్యాపారం నుంచి వచ్చిన డబ్బు మైనస్ 51 కోట్లు. "బలమైన గిరాకీ" ఇదీ.

మార్చి నెలాఖర్లో డిస్ట్రిబ్యూటర్ల గోడౌన్లు నింపేసి, "డబ్బు మెల్లగా ఇవ్వండి, అమ్ముడవకపోతే జూన్‌లో వెనక్కి పంపండి" అని చెవిలో చెబితే ఇలాంటి లెక్కే వస్తుంది. పట్టుకోవడం ఎలా? వార్షిక నివేదిక నోట్స్‌లో బాకీల వయసు పట్టిక ఉంటుంది. ఆరు నెలల లోపువి, ఏడాది లోపువి, రెండేళ్లు, మూడేళ్లు, ఆపైన, విడివిడిగా. 2021 ఏప్రిల్ నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. మంచి పని, ఎవరు చేయించారో వాళ్లకు దండం. అందులో ఆరు నెలలు దాటిన బాకీలు ఉబ్బుతూ, మునిగిపోవచ్చని పక్కన పెట్టే కేటాయింపు మాత్రం ఉన్నచోటే ఉంటే, యాజమాన్యం నష్టాన్ని వచ్చే ఏడాదికి నెడుతోందని అర్థం. మన ఊహా కంపెనీలో ఆ 90 కోట్లలో సగం మునిగినా 45 కోట్లు. 24 కోట్ల లాభం ఎక్కడ ఆనుతుంది?

అయితే బాకీలు పెరిగిన ప్రతి కంపెనీనీ దొంగ అనకండి. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లను అడగండి, బిల్లు పాసవడానికి ఎన్ని కాళ్లు పట్టుకోవాలో చెబుతారు. వాళ్ల బాకీల్లో మోసం లేదు, ఖజానా ఆలస్యం ఉంది. ఏడాది చివర్లో ఇంకో కంపెనీని కొన్నా, దాని బాకీలన్నీ కలుస్తాయి, అమ్మకాలు మాత్రం రెండు మూడు నెలలవే కలుస్తాయి. అలాంటప్పుడు యాజమాన్యం కారణం చెబుతుంది, అడిగితే పేర్లతో సహా చెబుతుంది. అడిగినప్పుడు "వర్కింగ్ క్యాపిటల్ సైకిల్ త్వరలో నార్మలైజ్ అవుతుంది" అని నాలుగు కాన్ఫరెన్స్ కాల్స్‌లో నాలుగుసార్లు అదే పాట పాడేవాళ్లతోనే పేచీ.

ఇంకో దిక్కుమాలిన సంగతి. త్రైమాసిక ఫలితాల్లో ఆస్తి అప్పుల పట్టిక ఇవ్వడం అర్ధసంవత్సరానికోసారే తప్పనిసరి. సెప్టెంబరు, మార్చి ఫలితాల్లో ఉంటుంది, క్యాష్ ఫ్లో కూడా అప్పుడే. జూన్, డిసెంబరు ఫలితాల్లో లాభనష్టాలే. అంటే ఏడాదికి రెండుసార్లు, అమ్మకం ఎంతో చెప్పి వసూలెంతో చెప్పకుండా తప్పించుకోవడానికి మనమే చట్టబద్ధంగా అనుమతి ఇచ్చాం. ప్రతి నెలా జీఎస్టీ రిటర్నులు వేసే కంపెనీకి మూడు నెలలకోసారి తన బాకీలెన్నో చెప్పడం కష్టమట! ఎవరి కష్టం ఎవరి సౌకర్యమో మీరే ఆలోచించండి.

ఒకసారి వచ్చే లాభాల మీద ఎక్కువ చెప్పను, చెప్పడానికి అంత లేదు. ఒక్క చాలాకీతనం మాత్రం గమనించండి. నష్టమొస్తే "ఎక్సెప్షనల్" అని బోర్డు కట్టి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని బతిమాలతారు. లాభమొస్తే అదే కంపెనీ చప్పుడు చేయకుండా ఇతర ఆదాయంలో కలిపేస్తుంది. పాత రుణదాతలకు ఇవ్వవలసింది ఇక ఇవ్వక్కర్లేదని రాసేసుకున్నదీ, బీమా క్లెయిమూ, వాటాల విలువ పెంచి రాసుకున్నదీ, అన్నీ అందులోకే. ఐదేళ్ల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. "ఒకసారి" వచ్చే నష్టం ఐదేళ్లలో నాలుగేళ్లు వచ్చిందంటే అది మామూలు ఖర్చే, దానికి వేరే పేరు పెట్టుకున్నారు.

ఇక ఆడిటర్ల దగ్గరికి. ముందుగా అమాయకపు మార్పును పక్కన పెట్టాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలో ఒక ఆడిట్ సంస్థ వరుసగా ఐదేళ్ల గడువులు రెండే ఉండగలదు. పదేళ్లు నిండి, వార్షిక సమావేశంలో మారితే అనుమానం అక్కర్లేదు. సత్యంలో మోసం సాగినన్నాళ్లూ ఆడిటర్ మారనే లేదు, అదే అక్కడి జబ్బు. భయపడవలసింది గడువు మధ్యలో, ఫలితాలకు ముందు, ఒక్క వాక్యపు ఉత్తరంతో వెళ్లిపోయే ఆడిటర్‌ను చూసి.

వడోదరలో మామిడి పానీయాలు తయారుచేసే మన్‌పసంద్ బెవరేజెస్ అనే కంపెనీ ఉండేది. 2018 మేలో, వార్షిక ఫలితాలు ఆమోదించే బోర్డు సమావేశానికి కొద్దిరోజుల ముందు డెలాయిట్ రాజీనామా చేసింది. అడిగిన ముఖ్యమైన సమాచారం కంపెనీ ఇవ్వలేదన్నది కారణం. షేరు ఒక్కరోజులో 20 శాతం పడి లోయర్ సర్క్యూట్‌కు కొట్టింది. యాజమాన్యం కొత్త ఆడిటర్‌ను తెచ్చుకుని ముందుకెళ్లింది. సరిగ్గా ఏడాదికి, 2019 మేలో, బోగస్ బిల్లుల ఆరోపణల మీద జీఎస్టీ అధికారులు ఆ కంపెనీ ఎండీని అరెస్టు చేశారు. డెలాయిట్ వెళ్లిన రోజున "ఎవరో ఒకరు సంతకం పెడతారులే, కుర్రకంపెనీ, చౌకగా దొరుకుతోంది" అని కొన్నవాళ్లను నేనెరుగుదును. అరెస్టు వార్త వచ్చాక వాళ్లు అమ్ముదామన్నా కొనేవాడు లేడు.

2018లో ఇలాంటి రాజీనామాలు వరుసగా వచ్చాక సెబీ కదిలింది. 2019 అక్టోబరు సర్క్యులర్ ప్రకారం ఆడిటర్ చేతులు దులుపుకుని పోలేడు. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు తప్పుకుంటే ఆ త్రైమాసికం నివేదిక ఇచ్చే వెళ్లాలి. 45 రోజులు దాటాక తప్పుకుంటే ఆ పై త్రైమాసికానిదీ ఇవ్వాలి. ఏడాదిలో మూడు త్రైమాసికాలకు సంతకం పెట్టినవాడు ఏడాది మొత్తం ఆడిట్ పూర్తిచేయాలి. సమాచారం ఇవ్వనందుకే వెళుతుంటే ఆ మాట రాయాలి. ఇదంతా బాగానే ఉంది. కానీ ఉత్తరాల్లో వచ్చేదేమిటి? "ఇతర పనుల ఒత్తిడి వల్ల." "ఫీజు విషయంలో అంగీకారం కుదరక." పదేళ్లపాటు వేల కోట్ల కంపెనీల ఖాతాలు చూసిన సంస్థకు, సరిగ్గా మార్చి లెక్కలు మూసే వేళకే పని ఒత్తిడి గుర్తొచ్చిందా? ఆ ఫీజు చాలదని సంతకాలు పెట్టిన అన్నేళ్లూ తెలియలేదా?

ఇందులో అన్నిటికంటే సిగ్గుచేటైన భాగం చెబుతాను. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం ప్రకారం కొత్తగా వచ్చే ఆడిటర్ పాత ఆడిటర్‌కు ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి, లేకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఆ ఉత్తరం ఉద్దేశమే, పాతవాడు ఎందుకు పోతున్నాడో కొత్తవాడు తెలుసుకోవడం. అంటే వెళ్లేవాడికి తెలుసు, వచ్చేవాడికి తెలుసు లేదా తెలిసి ఉండాలి, ఆడిట్ కమిటీకి తెలుసు, ప్రమోటర్‌కు తెలుసు. తెలియనిది ఆ నలుగురికీ జీతాలూ ఫీజులూ ఇచ్చే వాటాదారుకు మాత్రమే. డబ్బు మనది, రహస్యం వాళ్లది!

ఆడిటర్ రిజిస్ట్రారుకు ముప్పై రోజుల్లో దాఖలు చేయవలసిన ఏడీటీ-3 అనే ఫారం ఒకటుంది. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. అందులో రాజీనామా కారణాలూ, ఇతర వాస్తవాలూ రాయాలని చట్టమే చెబుతోంది. స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపిన ఉత్తరంతో దాన్ని పోల్చి చూడండి. కొత్తగా వచ్చిన సంస్థ పేరు కూడా వెతకండి. దానికి ఇంకే లిస్టెడ్ కంపెనీ ఉంది? ఐదు వందల కోట్ల అమ్మకాల కంపెనీని ఆడిట్ చేయడానికి దాని దగ్గర ఎంతమంది మనుషులున్నారు? మన ఊహా కంపెనీలో ఏప్రిల్ చివర్లో ఆడిటర్ "వ్యక్తిగత కారణాల" మీద తప్పుకున్నాడని కూడా కలపండి. ఉబ్బిన బాకీలు, అమ్మేసిన స్థలం, పోయిన ఆడిటర్. విడిగా చూస్తే మూడింటికీ సంజాయిషీ దొరుకుతుంది. ఒకే ఏడాదిలో మూడూ కలిసొస్తే నేను సంజాయిషీ వినను. ఆ షేరు ముట్టుకోను, నా మాట వినేవాళ్లను ముట్టుకోనివ్వను. తప్పైతే ఒక మంచి కంపెనీ చేజారుతుంది, అంతే.

సెబీని అడిగేది రెండే. ప్రతి త్రైమాసికంలోనూ బాకీల అంకె, వయసు పట్టికతో సహా, ఫలితాల మొదటి పేజీలో రావాలి. మధ్యలో తప్పుకునే ఆడిటర్ కొత్త ఆడిటర్‌కు చెప్పిన కారణం, అదే మాటల్లో, అదే రోజున ఎక్స్ఛేంజీకి చేరాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అది వచ్చేదాకా, ఆడిట్ కమిటీ సభ్యులుగా సిట్టింగ్ ఫీజులు తీసుకుంటున్న పెద్దమనుషులు వార్షిక సమావేశానికి రండి. ఆడిటర్ వెళ్లిన వారం మీరు ఆయన్ని ఏమడిగారో, ఆయన ఏం చెప్పారో, మైకు పట్టుకుని మా ముందు చెప్పండి.